ఒకే రౌటర్, రెండు న్యాయాలు

కూకట్‌పల్లిలో ఒక ఫ్లాట్ అనుకుందాం. హాల్లో గోడకు రౌటర్. దానికి అటు పక్క గదిలో భర్త, ఇంటి నుంచే పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఇటు పక్క గదిలో భార్య, సొంతంగా ఇంటీరియర్ డెకరేషన్ డిజైన్లు చేసిస్తుంది. నెలకు వెయ్యి రూపాయల ప్లాన్, జీఎస్టీతో 1,180. వైఫై ఆగితే ఇద్దరికీ ఒకేసారి ఆగుతుంది. ఆదాయపు పన్ను చట్టం మాత్రం ఒక కంట వెన్న, ఒక కంట సున్నం పెట్టుకుని చూస్తుంది.

భర్త కేసు చిటికెలో తేలిపోతుంది. జీతగాడి రిటర్నులో ఇంటి ఆఫీసు ఖర్చు అనే గడే లేదు. కుర్చీ, కరెంటు, నెట్టు, నడుం నొప్పి అన్నీ స్టాండర్డ్ డిడక్షన్‌లోనే సర్దుకోవాలి. 2025-26లో అది కొత్త విధానంలో 75,000, పాతదాంట్లో 50,000. రోజూ ఆఫీసుకు పోయేవాడికీ అంతే. ఉన్నదల్లా ఒక సందు: కంపెనీ ఆఫీసు పని కోసం వాడిన నెట్టు బిల్లు చూసి డబ్బు తిరిగిస్తే మామూలుగా పన్ను పడదు. అదే వెయ్యిని ‘ఇంటర్నెట్ అలవెన్స్’ అని జీతంలో కలిపేస్తే పడుతుంది. నోటు అదే, పే స్లిప్‌లో పేరు మారింది, పాపం చుట్టుకుంది.

భార్యకు చట్టం ఖర్చు రాసుకోనిస్తుంది. నెట్టులో 60 శాతం పనికే అంటే ఏడాదికి 8,496. వెయ్యి చదరపు అడుగుల ఇంట్లో 120 అడుగుల గది పూర్తిగా ఆఫీసే కాబట్టి, 20,000 అద్దెలో 12 శాతం, ఏడాదికి 28,800. అయితే ఆ భాగం ఆమె ఖాతాలోంచే పోవాలి. మొత్తం అద్దె మీద భర్త హెచ్‌ఆర్‌ఏ తీసుకుంటూ ఈమె కూడా రాస్తే, ఒకే అద్దెను రెండుసార్లు వడ్డించుకున్నట్టే. 60,000 ల్యాప్‌టాప్‌కు తరుగుదల 40 శాతం, 12,000 కుర్చీకి 10 శాతం. రెండూ నవంబరులో కొన్నవి, మార్చి 31కి 180 రోజులు నిండలేదు కాబట్టి అందులో సగమే: 12,000, 600. మొత్తం 49,896. ప్రతి బిల్లూ ఫైల్లో, తేదీల వారీగా.

ఇక అసలు వింత. 2025-26లో ఆమె డిజైన్ ఫీజు 18 లక్షలు. పైన చెప్పిన ఖర్చులే తీసేస్తే లాభం 17,50,104. కొత్త విధానంలో సెస్‌తో పన్ను సుమారు 1,56,000. ఇంటీరియర్ డెకరేషన్ 44ADA జాబితాలో ఉన్న వృత్తి కనుక ఆ సెక్షన్ కింద వెళితే, సగం, అంటే 9 లక్షలే ఆదాయంగా చూపొచ్చు. 12 లక్షలు దాటలేదు, రిబేటుతో పన్ను సున్నా. బిల్లులు ఎవరూ అడగరు. వాటిని మళ్లీ ఖర్చుగా రాసుకోవడం మాత్రం కుదరదు, నెట్టూ కుర్చీ ఆ సగంలోనే కలిసిపోయాయని లెక్క.

ఆ ఫైలు ఇప్పుడు అటు పక్క గదిలోకి వెళ్లింది. హెచ్‌ఆర్ వారు పన్నెండు నెలల నెట్టు బిల్లులూ అడిగారట, అన్నీ ఆయన పేరునే ఉండాలట.