ఆధార సంవత్సరాన్ని ఎంచుకునే కళ

కంపెనీల పనితీరును లోకానికి అందంగా చూపించే భారం మోస్తున్న ఫైనాన్స్ విభాగం సోదరులకు ఏదో చేతనైన సాయం చేద్దామని ఈ వ్యాసం రాస్తున్నాను. ఈ మధ్య కొందరు వాటాదారులు మరీ తయారయ్యారు. వార్షిక నివేదికలో చైర్మన్‌గారి ఫోటో చూసి మూసేయకుండా, వెనక పేజీలు తెరిచి, పక్కన కాలిక్యులేటర్ పెట్టుకుని కూర్చుంటున్నారు. ఇలాంటివాళ్ల నుంచి కంపెనీ పరువు కాపాడాలంటే ముందు వాళ్ల చేతిలో ఏముందో మనకు తెలియాలి.

వాళ్ల చేతిలో ఉన్నవి రెండే. మొదటిది కామన్ సైజ్ స్టేట్‌మెంట్. లాభనష్టాల ఖాతాలో నికర అమ్మకాలను 100 అనుకుని, మిగతా ప్రతి పద్దునూ అందులో శాతంగా రాస్తారు. బ్యాలెన్స్ షీట్‌లో అయితే మొత్తం ఆస్తులు 100. దాంతో వేల కోట్ల కంపెనీ, వందల కోట్ల కంపెనీ ఒకే కొలతలోకి వచ్చేస్తాయి. రెండోది ట్రెండ్ శాతాలు. ఒక ఏడాదిని ఆధారంగా తీసుకుని దాని అంకెను 100 చేసి, తర్వాతి ఏళ్లను దానితో పోలుస్తారు, అలా వచ్చే అంకే సూచీ. చెప్పుకోవడానికి ఇంతే. కానీ ఆ 'ఒక ఏడాది' ఏదన్నది ఎవరు నిర్ణయిస్తారు? మనమే. అక్కడే మన కళంతా ఉంది.

ఉదాహరణకు రెండు కంపెనీలను ఊహించుకుందాం. పెద్ద కంపెనీ అమ్మకాలు ఐదేళ్లలో వరసగా 8,000, 8,400, 8,800, 9,300, 9,800 కోట్లు. మనం పనిచేసే చిన్న కంపెనీవి 200, 120, 168, 204, 240 కోట్లు. రెండో ఏడాది ఏదో అయింది, ఇప్పుడెందుకులెండి. ఇన్వెస్టర్ల మీటింగ్ రేపనగా, కొత్తగా చేరిన అకౌంటెంట్ కుర్రాడు స్లైడ్ పట్టుకుని వస్తాడు.

"సార్, మనది 120 వచ్చిందండీ. వాళ్లది 122.5."

"అంటే మనం వెనకబడ్డామా?"

"కొంచెం సార్."

"ఆధారం ఏ ఏడాది తీసుకున్నావు?"

"మొదటి ఏడాది సార్. అప్పట్నుంచే కదా లెక్క."

"రెండో ఏడాది నుంచి చెయ్. మూడేళ్ల ప్రగతి అని హెడ్డింగ్ పెట్టు."

కుర్రాడు వెళ్లి 240ని 120తో భాగిస్తాడు. మన సూచీ సరిగ్గా 200! పెద్ద కంపెనీది 9,800ని 8,400తో భాగిస్తే 117 దగ్గర ఆగిపోతుంది. ఒక్క రూపాయి అమ్మకం పెరగలేదు, ఒక్క అంకె మార్చలేదు, ఏ ఆడిటరూ తప్పుపట్టలేడు. ఒక ఏడాదిని పక్కకు జరిపామంతే. ఓడిన కంపెనీ రెట్టింపు వేగంతో దూసుకుపోతున్న కంపెనీ అయింది. గోతిలోంచి పైకెక్కినవాడు కొండెక్కినట్టే కనిపిస్తాడు, గొయ్యిని గ్రాఫ్ అంచు అవతల ఉంచితే.

ఇంకో చిన్న చిట్కా కూడా ఉంది. నాలుగో ఏడాది మన సూచీ 170, ఐదో ఏడాది 200. దీన్ని "30 పాయింట్ల పెరుగుదల" అని రాయండి. మీటింగ్ అయ్యేసరికి జనం నోట్లో అది 30 శాతం అయిపోతుంది. నిజానికి 204 నుంచి 240కి పెరిగింది 17.6 శాతమే. కానీ మనం శాతం అన్లేదు కదా, పాయింట్లన్నాం.

కాలిక్యులేటర్ వాటాదారు ఈ ఎత్తును ఎలా పట్టుకుంటాడంటే, ఆధార సంవత్సరాన్ని మార్చి ఇంకోసారి లెక్క వేస్తాడు. రెండుసార్లూ గెలిచింది ఒకే కంపెనీ అయితే ఊరుకుంటాడు. గెలిచినవాడు మారిపోతే మాత్రం ఆ ఏడాది ఏం జరిగిందని తవ్వడం మొదలుపెడతాడు. మరీ మొండివాడైతే మూడేళ్ల సగటును ఆధారంగా పెట్టుకుంటాడు. ఐదేళ్లలో ధరలే 20 శాతం పెరిగి ఉంటే మీరు అమ్మిన సరుకు పెరిగినట్టా కాదా అని కూడా అడుగుతాడు. అలాంటివాడికి మైకు అందకుండా చూసుకోవడం తప్ప నా దగ్గర మందు లేదు.

అమ్మకాల సంగతి తేలింది. ఇప్పుడు లాభం. మన కంపెనీ నికర లాభం మొదటి ఏడాది 14 కోట్లు, రెండో ఏడాది 3 కోట్ల నష్టం, తర్వాత 2, 9, 12 కోట్లు. ఇక్కడ కుర్రాడు మళ్లీ టెన్షన్ పడతాడు. రెండో ఏడాదే ఆధారమని మీరే చెప్పారు కదా, అలాగే చేస్తే ఐదో ఏడాది లాభం సూచీ మైనస్ 400 వస్తుంది. నష్టం పోయి లాభం వచ్చిన సంతోషంలో ఉన్న కంపెనీకి మైనస్ 400 ఏమిటి? ఏమీ కాదు, అర్థం లేని అంకె. ఆధారం సున్నా కన్నా కిందుంటే ట్రెండ్ శాతం లెక్కే పనికిరాదు, అక్కడ "వర్తించదు" అని రాసి అసలు అంకెలు ఇవ్వాలని పాఠం చెప్పేవాళ్లు అంటారు. వాళ్లకేం, వాళ్లు స్లైడ్లు చెయ్యరు.

మనం చెయ్యాల్సింది వేరు. లాభానికి మాత్రం మూడో ఏడాదిని ఆధారం చేసుకోవాలి. 2 కోట్లు 100 అయితే 12 కోట్లు 600. "అమ్మకాలు రెట్టింపు, లాభం ఆరు రెట్లు" అన్న వాక్యం ఎంత నిండుగా ఉందో చూడండి. అమ్మకాలకు ఒక ఆధారం, లాభానికి ఇంకో ఆధారం అన్న ముక్కను స్లైడ్ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో వేస్తే సరిపోతుంది. పారదర్శకత కూడా పాటించినట్టవుతుంది.

కానీ ఈ సంబరం మధ్యలో కామన్ సైజ్ అనే శని దాపురిస్తుంది. దానికి ఆధార సంవత్సరంతో పనిలేదు, ఏ ఏడాదికి ఆ ఏడాదే లెక్క. మొదటి ఏడాది 200లో 14 అంటే 7 శాతం. ఐదో ఏడాది 240లో 12 అంటే 5 శాతం. అంటే ఆరు రెట్లు పెరిగిన లాభం అసలు తగ్గింది. పెద్ద కంపెనీ మొదటి ఏడాది 640 కోట్లు, ఐదో ఏడాది 784 కోట్లు సంపాదించి, రెండుసార్లూ 8 శాతం దగ్గరే నిలబడింది. చప్పగా, ఏ కథా లేకుండా. ఆ 2 శాతం ఎక్కడికి పోయిందో తెలుసుకోవాలంటే వాటాదారు ఖర్చుల వరసలన్నీ శాతాల్లో రాసి ఏది ఉబ్బిందో చూస్తాడు.

చూడనివ్వండి. అక్కడ కూడా మనకు ఒక రక్షణ ఉంది. సరుకు కస్టమర్‌కు చేర్చే రవాణా ఖర్చును మనం అమ్మకాల ఖర్చుల్లో రాస్తాం, పెద్ద కంపెనీ అమ్మిన సరుకు వ్యయంలోనే కలిపేస్తుంది అనుకోండి. అమ్మకాల్లోంచి సరుకు వ్యయం తీసేస్తే మిగిలే స్థూల లాభం మనకు 30 శాతం, వాళ్లకు 27. "ఉత్పత్తి వ్యయం మీద మన పట్టు" గురించి ఒక పేరా రాసుకోవచ్చు. మన రవాణా ఖర్చు 12 కోట్లు, అంటే అమ్మకాల్లో 5 శాతం. దాన్ని వాళ్లలాగే కలిపితే మనకు మిగిలేది 25. రెండు రకాల ఖర్చులూ తీసేసే నిర్వహణ లాభం దగ్గరికి వచ్చేసరికి ఈ తేడా ఎలాగూ మాయమైపోతుంది, అందుకే మన స్లైడ్ స్థూల లాభం దగ్గరే ఆగాలి.

ఇక అప్పులు. శాతాల యుగంలో అప్పు తగ్గించడానికి అప్పు తీర్చనక్కర్లేదు. మన కంపెనీ అప్పు 90 కోట్లు, మొత్తం ఆస్తులు 150 కోట్లు. కామన్ సైజ్ బ్యాలెన్స్ షీట్‌లో అప్పు 60 శాతం, చూడ్డానికే బాగోలేదు. ఎప్పుడో కొన్న స్థలం ఉంది కదా, దాని విలువను ఇప్పటి ధరకు పెంచుదాం. అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం ఐఏఎస్ 16 ప్రకారం రీవాల్యుయేషన్ పద్ధతి ఎంచుకోవచ్చు, దొంగతనమేం కాదు. ఆ తరగతి ఆస్తులన్నిటికీ ఒకే పద్ధతి పాటించాలని, విలువను ఎప్పటికప్పుడు సరిచూడాలని షరతులున్నాయి, పాటిద్దాం. స్థలం విలువ 75 కోట్లు పెరిగింది. మొత్తం ఆస్తులు 225. అదే 90 కోట్ల అప్పు ఇప్పుడు 40 శాతం! పనిలో పనిగా వసూలు కాని బాకీలు, అమ్ముడుపోని సరుకు కూడా శాతాల్లో చిక్కిపోయాయి. హారం పెరిగితే పైనున్నవన్నీ వాటంతటవే సన్నబడతాయి.

ఇలాంటప్పుడే రెండు ఆయుధాలూ కలిపి వాడేవాడు ప్రమాదకారి అవుతాడు. కామన్ సైజ్‌లో అప్పు 60 నుంచి 40కి దిగిందని చూసి, వెంటనే అప్పు పద్దుకు ట్రెండ్ లెక్క వేస్తాడు. నిరుడు 100, ఈ ఏడూ 100. అంటే అప్పు కదల్లేదు. మరి కదిలిందేమిటని వెతికితే ఈక్విటీలో రీవాల్యుయేషన్ మిగులు 75 కోట్లు కనబడుతుంది. ఆ తర్వాత అతను అడిగే ప్రశ్నకు జవాబు సిద్ధం చేసుకోండి. చేతిలోకి నగదు ఎంత వచ్చింది? సున్నా.

మన వృత్తిలో పూర్వీకులు లేకపోలేదు. అమెరికాలో ఇంధన వ్యాపార కంపెనీ ఎన్రాన్ ఆదాయం 1996లో సుమారు 1,329 కోట్ల డాలర్లు, 2000లో సుమారు 10,079 కోట్ల డాలర్లు. ట్రెండ్ సూచీ 758. చూసినవాళ్లకు కళ్లు తిరిగాయి. ఆ ఏళ్లలోనే నికర లాభం 58.4 కోట్ల డాలర్ల నుంచి 97.9 కోట్ల డాలర్లకు చేరింది, సూచీ 168. కామన్ సైజ్‌లో లాభం 4.4 శాతం నుంచి ఒక శాతం కిందకు జారింది. కారణం, ఇంధన వ్యాపార ఒప్పందాల్లో తమకు మిగిలే తేడాను కాకుండా ఒప్పందం పూర్తి విలువను ఆదాయంగా చూపడం. ఇది అప్పటి ఆ రంగంలో నడిచిన పద్ధతే. ఆ లాభాలు కూడా నిజమైనవి కావని 2001 నవంబరులో కంపెనీయే పాత లెక్కలు సవరించుకున్నప్పుడు బయటపడింది, డిసెంబరులో దివాలా తీసింది. దాచిన అప్పుల్ని ఏ శాతమూ పట్టుకోలేదు. లెక్కలోకి ఎక్కని పద్దుకు శాతం ఎలా కడతారు? కానీ 758కీ 168కీ మధ్య ఉన్న దూరం మాత్రం అచ్చులోనే ఉంది, భాగహారం వచ్చిన ఎవరికైనా కనిపించేలా.

కాబట్టి ఇవన్నీ పాతబడ్డాయని మీరు అనుకుంటే, నా దగ్గర ఇంకొకటుంది. కంపెనీ పుట్టిన ఏడాదినే ఆధారం చేసుకోండి. 'ఆది నుంచి మన ప్రస్థానం' అని హెడ్డింగ్ పెడితే ఎవరికీ అనుమానం రాదు. ఆ మొదటి ఏడాదిలో వ్యాపారం జరిగింది చివరి మూడు నెలలేనన్న సంగతిని నోట్ 27లో రాసేయండి.