‘తూ’ అనడం కాదు, తిరిగి ‘తూ’ అనిపించుకోవడమే చనువు

స్పానిష్ నేర్చుకునే మన పిల్లలకు మొదటి వారంలోనే ఒక సూత్రం చెప్పేస్తారు. ‘తూ’ అంటే నువ్వు, ‘ఉస్తెద్’ అంటే మీరు. దగ్గరివాళ్లకు తూ, పెద్దవాళ్లకు ఉస్తెద్. తెలుగువాళ్లం కాబట్టి మనకిది ఇట్టే ఎక్కేస్తుంది. నా ఫిర్యాదల్లా ఆ సులువు మీదే. ఎవరు ఏ మాట వాడారో చూసి అక్కడ గౌరవం ఉందనో, చనువు ఉందనో తేల్చేస్తున్నాం. చూడవలసింది ఇంకొకటి ఉంది: అవతలి మనిషి అదే మాట తిరిగి అనగలడా?

2007 నవంబర్ 10న చిలీ రాజధాని శాంతియాగోలో స్పానిష్, పోర్చుగీసు దేశాల అధినేతల సదస్సు జరుగుతోంది. వెనెజువెలా అధ్యక్షుడు హ్యూగో చావెజ్ స్పెయిన్ మాజీ ప్రధాని అస్నార్‌ను ఫాసిస్టు అన్నాడు. అప్పటి ప్రధాని సపతేరోకు అస్నార్ రాజకీయ ప్రత్యర్థి. అయినా ఆయన్ను స్పెయిన్ ప్రజలు ఎన్నుకున్నారు, ఆ గౌరవం ఇచ్చి తీరాలి అని సపతేరో నెమ్మదిగా చెబుతున్నాడు. చావెజ్ మాటమాటకీ అడ్డం వస్తున్నాడు. సపతేరో పక్కనే కూర్చున్న స్పెయిన్ రాజు హువాన్ కార్లోస్ ముందుకు వంగి “పోర్ కే నో తే కాయాస్?” అన్నాడు. నోరు మూసుకోవేం, అని. ఆ మాట ఫోన్లలో రింగ్‌టోన్‌గా మోగింది, చొక్కాల మీదికెక్కింది. నవ్వుకున్నవాళ్లంతా రాజుగారి కోపాన్నే చూశారు. నాకు మాత్రం అందులోని ‘తే’ మీదే కన్ను.

ఆ వాక్యంలో ‘తూ’ అనే మాట ఎక్కడా లేదు. కర్తను వదిలేసి మాట్లాడటం మనలాగే స్పానిష్ వాళ్లకూ మామూలే. కానీ వదిలేసినంత మాత్రాన తప్పించుకున్నట్టు కాదు. మధ్యలో ఆ ‘తే’, క్రియ చివర ఆ ‘స్’ ఉన్నాయి. రెండూ తూకి వచ్చే రూపాలే. ఉస్తెద్ మర్యాదతో అని ఉంటే అదే వాక్యం “పోర్ కే నో సే కాయా?” అయ్యేది. మనకు ‘మూసుకోవేం’, ‘మూసుకోరేం’ మధ్య ఉన్నంత తేడా. అంత కోపంలోనూ రెండో దారి ఉంది. సపతేరో ఆ బల్ల దగ్గరే కూర్చుని, గౌరవం ఎలా అడగాలో అప్పటిదాకా చూపిస్తూనే ఉన్నాడు.

ఇప్పుడు అసలు ప్రశ్న వేద్దాం. చావెజ్ తిరిగి రాజును ‘తే’ అని ఉంటే? రాజును ‘మహెస్తాద్’ అనాలి, లేదా ‘సెన్యోర్’ అనాలి. క్రియ ఉస్తెద్‌ది రావాలి. స్పెయిన్ బోర్బన్ రాజవంశానికి ఎదుటివాళ్లు ఎవరైనా సరే ‘తూ’ అనే అలవాటు ఉంది. మా రాజు ఎంత కలుపుగోలు మనిషో అని దాన్ని మురిపెంగా చెప్పుకునేవాళ్లూ ఉన్నారు. ఎదురు రావడానికి వీల్లేని దారిలో వచ్చేదాన్ని కలుపుగోలుతనం అనడానికి నాకు మనసొప్పదు. నేనూ దేశాధినేతనే, పైగా జనం ఎన్నుకుంటే వచ్చినవాణ్ణి అని చావెజ్ తర్వాత అన్నాడు. ఆయన రాజకీయం నాకు నచ్చకపోయినా ఆ మాట మాత్రం ఆ ‘తే’కి సరైన జవాబు.

దీనికి ఒక అభ్యంతరం ఉంది, తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. స్పెయిన్ ఇప్పుడు తూ దేశం. నియంత ఫ్రాంకో పోయాక దుకాణంలో, ఆఫీసులో, యూనివర్సిటీలో ఉస్తెద్ బాగా వెనక్కి తగ్గింది. స్పెయిన్ మనిషి నోట తూ సహజంగా వస్తుంది, అందులో అహంకారం వెతకడం అనవసరం అంటారు. దుకాణం విషయంలో నిజమే, ఎందుకంటే అక్కడ అమ్మే కుర్రాడూ తూ అంటాడు, కొనే పెద్దాయనా తూ అంటాడు. రాజు దగ్గర ఆ రెండో సగం లేదు.

ఆ రెండో సగం కోసం ఒక ఊరు మొత్తం ప్రయత్నించిన సందర్భం ఉంది. 1936లో స్పెయిన్ అంతర్యుద్ధం మొదలయ్యాక, ఏ అధికారమూ వద్దనే అరాచకవాదుల చేతికి వచ్చిన బార్సిలోనాలో ఉస్తెద్, సెన్యోర్ వినపడకుండా పోయాయి. హోటల్లో వడ్డించే మనిషి వచ్చినవాడి కళ్లలోకి చూసి ‘తూ’ అన్నాడు. వచ్చినవాళ్లు వడ్డించేవాణ్ణి తూ అనడం కొత్తేమీ కాదు. కొత్తగా వచ్చింది ఆ ఎదురు తూ ఒక్కటే. కొన్ని నెలలకే పాత పిలుపులు మెల్లగా తిరిగొచ్చాయి.

ఇక ఉస్తెద్ అంటే దూరం అనుకునేవాళ్లు కొలంబియా రాజధాని బొగొతాకి వెళ్లి వినాలి. అక్కడ మొగుడూ పెళ్లాలు, అన్నదమ్ములు, చిన్ననాటి స్నేహితులు ఉస్తెద్ అనుకునే ఇళ్లు ఎన్నో. వినేవాడికి మర్యాదగా తోస్తుంది, అనుకునేవాళ్లకు అదే చనువు. మరో ఊళ్లో, పొద్దస్తమానం తూ అని ముద్దుచేసే తల్లి కోపం వచ్చినప్పుడు పిల్లాణ్ణి ఉస్తెద్ అంటే వాడికి వెన్నులో వణుకు పుడుతుంది. మాట అదే.

ఉస్తెద్ పుట్టుక చూసినా ఇదే తేలుతుంది. అది ‘వుయెస్త్రా మెర్సేద్’, అంటే ‘మీ అనుగ్రహం’ అనే పిలుపు నుంచి వచ్చింది. ఎదుటివాణ్ణి నేరుగా పిలవకుండా ఆయన అనుగ్రహాన్ని పిలవడం అన్నమాట. అందుకే నేటికీ ఉస్తెద్ పక్కన ‘అతడు’కి వాడే క్రియే వస్తుంది. అంతకు ముందు గౌరవ వాచకం ‘వోస్’. అది అరిగి అరిగి, 16వ శతాబ్దానికి పరువు గల పెద్దమనిషిని వోస్ అంటే తిట్టినట్టయింది. దాంతో ఇంకా ఎత్తైన పిలుపు కావలసి వచ్చింది. నోళ్లలో నలిగి 17వ శతాబ్దంలో ఆ పొడుగు మాట ఉస్తెద్‌గా కుదించుకుపోయింది. తిట్టుగా దిగజారిన వోస్ ఇప్పుడు బ్వేనోస్ ఐరెస్‌లో ఇంటింటా చనువు మాట. అదే అనుగ్రహం నుంచి వచ్చిన ‘సుమెర్సే’ కొలంబియాలోని బొయకా కొండల్లో నౌకరు దొరను పిలిచే మాటగా మొదలై, ఈనాడు తల్లి బిడ్డకు అన్నం తినమని చెప్పేటప్పుడు వాడే మాటయింది. పైవాళ్ల కోసం పుట్టిన మాట అందరి నోళ్లలోకీ అందరి కోసమూ వచ్చాకే మెత్తబడింది.

అందుకే మన అపార్ట్‌మెంట్ గేటు దగ్గర నా చెవికి ఒక మాట గుచ్చుకుంటుంది. అరవై దాటిన వాచ్‌మన్‌ను ఆరో తరగతి పిల్లాడు “నువ్వు బాల్ తీసివ్వు” అంటాడు. మావాడికి ఆయనంటే చనువు అంటుంది తల్లి. లాటిన్ అమెరికా ఇళ్లలో దొరసాని పనిమనిషిని తూ అంటే, పనిమనిషి ‘సెన్యోరా’ అని పిలుస్తూ ఉస్తెద్‌తో బదులిస్తుంది. అక్కడి దొరసానులు చెప్పేదీ ఇదే, మా ఇంట్లో మనిషిలా చూస్తాం అని.

స్పానిష్‌లో ‘తుతేయామే’ అని ఒక మాట ఉంది, నన్ను తూ అని పిలువు అని. దాన్ని ముందుగా అనవలసింది పెద్దవాళ్లు, పైవాళ్లు. ఆ దొరసాని ఎప్పుడైనా ఆ మాట అందా అని అడగాలి. వాచ్‌మన్ బాల్ తెచ్చి ఇస్తూ “జాగ్రత్తగా ఆడుకోండి బాబూ” అంటాడు. ‘ఆడుకో’ అని మాత్రం అనలేడు.