'నో' చెప్పే ముందు క్యాలెండర్ చూడాలి

డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో హెచ్1బీ వీసా మీద ఉంటున్న ఒక తెలుగు ఇంజినీర్ అనుకుందాం. పగలంతా క్లయింట్ పని, రాత్రి తొమ్మిదిన్నరకు హైదరాబాద్ టీమ్‌తో కాల్, నెలలో రెండు శనివారాలు రిలీజ్. వారానికి 55 గంటలు దాటుతోంది. టైమ్‌షీట్‌లో మాత్రం 40. మేనేజర్‌తో ఒక్క మాట అనొచ్చు కదా అని ఇండియాలోని అన్నయ్య అడుగుతాడు. అతనికి ఈ లెక్క తెలియదు మరి.

హెచ్1బీ మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజుల గడువు ఉంటుంది. 2017 జనవరి నుంచి అమల్లో ఉన్న నియమం ఇది. దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ఐ-94 తేదీ అంతకంటే ముందే ముగిస్తే గడువూ అక్కడితోనే సరి. మన ఇంజినీర్ చివరి పనిరోజు మార్చి 2 అనుకుంటే, శని, ఆదివారాలతో కలిపి అరవయ్యో రోజు మే 1. ఆలోపు ఉద్యోగం దొరికితే చాలదు, కొత్త కంపెనీ వేసే పిటిషన్ ఇమిగ్రేషన్ శాఖకు చేరిపోవాలి. దానికి ముందు కార్మిక శాఖ నుంచి జీతం వివరాలు చూపే ఎల్‌సీఏ అనే ధ్రువీకరణ రావాలి, అది ఏడు పనిదినాలు. తర్వాత లాయర్లు, పత్రాలు, సంతకాలు. ఈ పనులకు మూడు వారాలు తీసేస్తే ఆఫర్ లెటర్ ఏప్రిల్ 10కి చేతిలో ఉండాలి. అంటే 60 రోజులు అనేది నిజానికి 39 రోజులు. నాలుగు రౌండ్ల ఇంటర్వ్యూలు పెట్టే కంపెనీల దగ్గర ఇదేం పెద్ద టైమ్ కాదు. భార్య హెచ్4 డిపెండెంట్ వీసా, పిల్లల స్కూలు, అన్నీ ఆ ఒక్క తేదీకే ముడిపడి ఉంటాయి.

గడువు దాటి ఇండియా వచ్చేస్తే తిరిగి వెళ్లడం ఇంకా కష్టం. 2025 సెప్టెంబర్‌లో వచ్చిన అధ్యక్షుడి ప్రకటన ప్రకారం, అమెరికా బయట ఉండి చెల్లుబాటయ్యే వీసా లేనివారి కోసం కొత్తగా పిటిషన్ వేసే కంపెనీ లక్ష డాలర్లు కట్టాలి. అంత కట్టి పిలిచే కంపెనీ ఎక్కడ?

ఈ భయం అందరికీ ఒకేలా ఉండదు, గ్రీన్‌కార్డు ఫైలు ఎక్కడుందన్న దాన్ని బట్టి మారుతుంది. గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే ఐ-140 పిటిషన్ ఆమోదమై 180 రోజులు దాటితే, ఆ తర్వాత కంపెనీ దాన్ని వెనక్కి తీసుకున్నా హెచ్1బీకి ఉన్న ఆరేళ్ల పరిమితి తర్వాతి పొడిగింపులకు అది పనికొస్తుంది, గ్రీన్‌కార్డు క్యూలో స్థానాన్ని చెప్పే ప్రయారిటీ డేట్ కూడా నిలుస్తుంది. గ్రీన్‌కార్డుకు మొదటి మెట్టయిన పర్మ్ మాత్రం కొత్త కంపెనీలో మళ్లీ మొదలు. ఐ-140 ఇంకా రాకుండా హెచ్1బీ మీద ఐదో ఏడాదో ఆరో ఏడాదో నడుస్తున్నవాడి పరిస్థితే అన్నిటికంటే పెళుసు. 'ఇంకో ఆర్నెల్లు ఓర్చుకుందాం' అనే మాట ఎక్కువగా వినిపించేది అక్కడే.

మరి చట్టం ఏమీ చేయదా? చేస్తుంది, కానీ అది కాపాడేది జీతాన్ని, గంటలను కాదు. ప్రాజెక్టు లేదని బెంచ్ మీద కూర్చోబెట్టి జీతం ఆపితే, ఎల్‌సీఏలో చూపిన దానికంటే తక్కువ ఇస్తే, ఏడాదిలోపు డబ్ల్యూహెచ్-4 ఫారంతో కార్మిక శాఖకు ఫిర్యాదు చేయొచ్చు. అలా ఫిర్యాదు చేసినందుకు కక్ష సాధించడం నిషేధం. కానీ నెలజీతం మీద పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల్లో ఎక్కువమంది ఓవర్‌టైమ్ చట్టం మినహాయింపులోకి వస్తారు. అలాంటివాళ్లు వారానికి 70 గంటలు పనిచేసినా ఫెడరల్ చట్టం దృష్టిలో తప్పేమీ జరగనట్టే. అమెరికన్ సహోద్యోగికీ ఇదే చట్టం, కాకపోతే అతను మానేసి మూడు నెలలు ఇంట్లో కూర్చుని వెతుక్కోగలడు.

గంటల లెక్కన జీతం తీసుకునేవారికి ఒక దారి ఉంది. ఒకటిన్నర రెట్లు రాకపోయినా, చేసిన ప్రతి గంటకూ మామూలు రేటైనా ఇవ్వాల్సిందే. మన ఇంజినీర్ అలాంటివాడైతే 'టైమ్‌షీట్‌లో నలభై గంటలే రాయి' అన్న అతని కన్సల్టెన్సీ మాటే పెద్ద సాక్ష్యం. కానీ ఆ మాట ఫోన్‌లోనే చెబుతారు, మెయిల్‌లో పెట్టరు. అందుకే కాల్ ఇన్వైట్లు, రాత్రి మెసేజ్‌ల సమయాలు, తన గంటల డైరీ అతనే దాచుకోవాలి. క్లయింట్ డేటాకు మాత్రం చేయి తగలకుండా చూసుకోవాలి, లేకపోతే అదే తీసేయడానికి సాకవుతుంది.

ఆస్ట్రేలియా ఈ ముడిని వేరే చోట విప్పింది. 2024 జులై 1 నుంచి, కంపెనీ స్పాన్సర్ చేసిన వీసా మీద ఉన్నవాళ్లు ఉద్యోగం పోయాక కొత్త స్పాన్సర్‌ను వెతుక్కోవడానికి ఒక విడతలో 180 రోజులు, వీసా కాలం మొత్తంలో 365 రోజుల వరకు గడువిచ్చింది. అంతకుముందు అక్కడా ఎక్కువమందికి 60 రోజులే. ఈ మధ్యలో వేరే పని చేసుకోనిచ్చింది కూడా. పనిగంటల చట్టాన్ని ముట్టుకోకుండానే ఉద్యోగికి మేనేజర్‌తో మాట్లాడే బలం ఇచ్చే మార్పు ఇది. మన ఇంజినీర్‌కు అదే గడువు ఉంటే, మార్చి 2 తర్వాత చూసుకోవాల్సిన తేదీ మే 1 కాదు, ఆగస్టు 29.