నా దగ్గర మ్యాక్ లేదు, ఎప్పుడూ లేదు

గంట క్రితం ఒక సపోర్ట్ వాళ్ల దగ్గర్నుంచి వచ్చిన జవాబు ఇది: "మా రికార్డులో మీది మ్యాక్ అని ఉంది మేడమ్." ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది. నా బల్ల మీద ఏముందో నాకు తెలియదట, వాళ్ల రికార్డుకి తెలుసట!

మొదట్నుంచీ చెప్తాను. నోట్స్ రాసుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి డబ్బు కట్టి తీసుకున్నాను. ఐప్యాడ్‌లో వాళ్ల సైట్ తెరవగానే పైన పెద్ద అక్షరాలతో "మీరు మ్యాక్ వాడుతున్నారు, మీ వెర్షన్ సిద్ధం" అని వచ్చింది. దాని కింద ఒకటే బటన్. మిగతా వెర్షన్లు ఎక్కడున్నాయో వెతికినా కనబడలేదు. సరేనని నొక్కితే .dmg ఫైల్ దిగింది. అది మ్యాక్‌లో తెరుచుకునే ఫైల్, ఐప్యాడ్‌లో దాన్ని పెట్టుకుని చేసేదేమీ లేదు. సపోర్ట్‌కి రాస్తే, మ్యాక్ సెట్టింగ్స్‌లో ఫలానా చోటికి వెళ్లి Open Anyway నొక్కమన్నారు. "అయ్యా, నాది ఐప్యాడ్" అని మళ్లీ రాశాను. అప్పుడొచ్చిందే పైన చెప్పిన జవాబు.

ఇలా ఎందుకు జరిగిందో నాకు తెలుసు, ఎందుకంటే నేను చేసేదీ ఇదే పని. బ్రౌజర్ ప్రతి పేజీ అడిగేటప్పుడూ తన గురించి ఒక లైను పంపుతుంది. దాన్ని యూజర్ ఏజెంట్ అంటారు. 2019లో ఐప్యాడ్ ఓఎస్ 13 వచ్చినప్పటి నుంచి ఐప్యాడ్‌లోని సఫారీ మామూలుగా డెస్క్‌టాప్ సైటే అడుగుతుంది. అందుకని ఆ లైను ఇలా మొదలవుతుంది:

```
Mozilla/5.0 (Macintosh; Intel Mac OS X 10_15_7)
```

ఇందులో ఐప్యాడ్ అనే మాటే లేదు. అసలు మ్యాక్ కూడా ఇదే పంపుతుంది. ఇంటెల్ చిప్ లేని కొత్త మ్యాక్ కూడా ఇంటెల్ అనే చెప్తుంది. పాత సైట్లు చెడిపోకుండా ఉండాలని ఆ లైనును అలా గడ్డకట్టించేశారు. విండోస్ 11 కూడా అంతే, అక్కడ Windows NT 10.0 అనే ఉంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో క్రోమ్ తెరిచి "డెస్క్‌టాప్ సైట్" మీద టిక్ పెడితే ఆ ఫోన్ లినక్స్ కంప్యూటర్ అయిపోతుంది. కాబట్టి ఆ లైను చదివి చెప్పేది ఊహే.

ఊహించొద్దని నేను అనడం లేదు. ఊహ లేకపోతే పని నడవదు. డౌన్‌లోడ్ పేజీలో నాలుగు బటన్లుంటే ఏది ముందు పెట్టాలో తేల్చుకోవాలి. ఊహను మెరుగుపరచడానికీ దారులున్నాయి. తెర ఒకేసారి ఎన్ని వేళ్లను గుర్తుపడుతుందో navigator.maxTouchPoints అని అడిగితే మ్యాక్ సున్నా అంటుంది, ఐప్యాడ్ 5 అంటుంది. నా కేసులో ఆ ఒక్క పరీక్ష పెట్టుంటే సరిపోయేది. కానీ పెట్టినా అది ఇంకాస్త మంచి ఊహ అవుతుందంతే. బటన్ల వరుస తేల్చుకోవడానికి వాడుకోండి, పేజీ పంపగానే మర్చిపోండి. నాకు ఆ సంగతి తెలియాల్సిన పని కూడా లేదు. మొదటి బటన్ సరైనదైతే నొక్కుతాను, కాకపోతే పక్కదాన్ని నొక్కుతాను. ఎవరికీ ఏ నష్టమూ లేదు.

మరి "మీరు మ్యాక్ వాడుతున్నారు" అని ప్రకటించడం ఎవరి కోసం? నిజమైతే ఆ సంగతి నాకు ముందే తెలుసు. తప్పైతే, ఇక ఆ పేజీలో ఏ మాటనూ నేను నమ్మను. పైగా మనిషి ఏమీ చెప్పకముందే ఆమె చేతిలో ఏముందో చెప్పేస్తే, ఇంకేం చూస్తున్నారో అని గుండె ఝల్లుమంటుంది. "మ్యాక్ అయితే ఇది, విండోస్ అయితే ఇది, ఐప్యాడ్ అయితే ఇది" అని రాస్తే ఎవరి దారి వాళ్లు చూసుకుంటారు.

ఆ ఊహను రికార్డులో రాసి దాచుకోవడం దీనికన్నా ఘోరం. ఇక్కడ నాకు పాత గొడవొకటి గుర్తొస్తోంది, చెప్పకుండా ఉండలేను. కొన్నేళ్ల క్రితం నేను పనిచేసిన చోట యూజర్ల టేబుల్‌లో device_os అని ఒక కాలమ్ పెట్టాలన్నారు. మొదటిసారి లాగిన్ అయినప్పుడు ఊహించింది అందులో రాసేయాలి. నేను వద్దన్నాను. ఒక మనిషికి ఆఫీసులో ఒక మెషీన్, ఇంట్లో ఒకటి, జేబులో ఒకటి ఉంటాయి, ఒక గడిలో ఏది రాస్తారని అడిగాను. "ఉంటే ఎప్పుడో పనికొస్తుంది" అన్నారు. పెట్టేశారు. ఆర్నెల్లు తిరక్కుండానే, తన అన్న లాప్‌టాప్‌లో ఒక్కసారి లాగిన్ అయిన అమ్మాయికి వరసగా విండోస్ సూచనలు పంపే ఏర్పాటు చేశాం. ఆవిడ మూడుసార్లు ఫిర్యాదు చేస్తే, మూడుసార్లూ మా సపోర్ట్ వాళ్లు ఆ గడి చూసే జవాబిచ్చారు. తప్పు వాళ్లది కాదు. ఆ గడిలో "ఊహ" అని రాసి లేదు, ఎప్పుడు ఊహించారో, దేన్నిబట్టి ఊహించారో లేదు. "మ్యాక్" అనో "విండోస్" అనో ఒక్క మాట ఉంది. యూజర్ తానుగా చెప్పిందీ, మనం అనుకున్నదీ ఆ గడిలో ఒకేలా కనబడతాయి. ఆ రోజు గట్టిగా పట్టుబట్టాల్సింది. పట్టుబట్టలేదనే బాధ నాకు ఇప్పటికీ ఉంది, అందుకే ఇవాళ ఇంత కోపం.

ఇదంతా ఒక బటన్ దగ్గరే ఆగుతుందని కూడా అనుకోకండి. 2012లో ఆర్బిట్జ్ అనే ప్రయాణాల సైట్ సంగతి వాల్ స్ట్రీట్ జర్నల్‌లో వచ్చింది. మ్యాక్ వాడేవాళ్లు హోటల్ గదికి రాత్రికి 30 శాతం దాకా ఎక్కువ ఖర్చు పెడుతున్నారని ఆ కంపెనీ గమనించి, వాళ్లకి కొన్నిసార్లు ఖరీదైన హోటళ్లు చూపించిందట. ఒకే గదికి వేరే ధర వేయలేదన్నారు, ఏది ముందు చూపాలన్నదే మార్చారన్నారు. అంటే చేతిలో ఉన్న యంత్రాన్ని చూసి జేబు ఎంత బరువో అంచనా వేశారు. అలాంటి అంచనా నా పేరు పక్కన ఏళ్ల తరబడి కూర్చుంటే, అది రేపు ఎవరి చేతికి వెళ్తుందో, దేనికి వాడతారో నాకెలా తెలుస్తుంది? రాయకపోతే ఆ భయమే లేదు కదా.

నేనే "నాది లినక్స్" అని చెప్తే అది వేరు. అప్పుడు ఆ మాట పట్టుకుని ఆ పని పూర్తయ్యేదాకా లినక్స్ కమాండ్లే ఇవ్వండి, మళ్లీ మళ్లీ అడక్కండి. అడిగి, చెప్పించుకుని, నేను మార్చుకునే వీలుతో దాచుకుంటానంటే అదీ సరే. నేను చెప్పనిదాన్ని చెప్పినట్టు రాసుకోవడమే నాకు మింగుడుపడనిది.

సపోర్ట్‌కి మూడో మెయిల్ పెట్టాను. ఆ రికార్డు తీసేయమన్నాను, కనీసం సరిచేయమన్నాను. ఇప్పుడే జవాబొచ్చింది: ఆ వివరం సిస్టమ్ దానంతట అదే నింపుతుందట, మార్చే ఆప్షన్ యూజర్‌కీ లేదట, తమకీ లేదట. దాని కిందే ఇంకో మెయిల్ ఉంది, "మీ మ్యాక్‌కి కొత్త అప్‌డేట్ వచ్చింది" అని.