బజ్జీ బండికి 77 సెకన్లు

హైదరాబాద్‌లో మా కాలనీ చివర నాలుగు రోడ్లు కలిసే కూడలిలో, సిగ్నల్ ఒక చుట్టు పూర్తిగా తిరగడానికి పట్టే కాలాన్ని, అంటే ఇంజినీర్లు సైకిల్ అని పిలిచేదాన్ని, ఈమధ్య 120 సెకన్ల నుంచి 200కు పెంచారు. రద్దీ పెరిగితే పచ్చ దీపం పెంచడమే న్యాయమని కాలనీ పెద్దలు హర్షం వెలిబుచ్చారు. నాలుగు వైపులా పచ్చ పెరిగితే నాలుగు వైపులా ఎరుపు కూడా పెరుగుతుందన్న సంగతి ఆ హర్షంలో ఎవరికీ తట్టలేదు. ఇంతటి నిర్ణయానికి శాస్త్రీయమైన ఆధారం వెతకడం పౌరుడిగా నా విధి అని భావించి, రెండు సాయంత్రాలు నిలబడి వాహనాలు లెక్కపెట్టాను.

ఆధారం దొరికింది. బ్రిటన్ రోడ్డు పరిశోధనశాలకు చెందిన వెబ్‌స్టర్ 1958లో ప్రకటించిన సూత్రాన్నే మన ఇంజినీరింగ్ విద్యార్థులు నేటికీ చదువుతున్నారు.

```
C = (1.5L + 5) / (1 - Y)
```

ఇందులో C అంటే వాహనాల ఎదురుచూపు తక్కువగా ఉండే సైకిల్. L అంటే పచ్చ పడ్డాక ముందు బండి కదలడానికీ, పచ్చ పోయాక కూడలి ఖాళీ కావడానికీ ఒక్కో చుట్టులో వృథా అయ్యే కాలం. (కౌంట్‌డౌన్‌లో మూడు సెకన్లు మిగిలి ఉండగానే దూసుకుపోయే మన ద్విచక్రవాహన వీరులు ఈ వృథాను ఎప్పుడో రద్దు చేశామనుకుంటారు గానీ, వారు వాడుకునేది అవతలి రోడ్డు ఖాళీ కావడానికి ఉంచిన సమయాన్నే.) ఇక Y సంగతి. గంటకు ఒక రోడ్డు మీద వచ్చే వాహనాలను, పచ్చ నిరంతరంగా ఉంటే ఆ రోడ్డు గంటకు వదలగలిగే వాహనాలతో భాగిస్తే ఒక నిష్పత్తి వస్తుంది. నాలుగు రోడ్ల నిష్పత్తుల మొత్తమే Y.

మా కూడలిలో ఒక్కో రోడ్డుకు విడిగా పచ్చ ఇస్తారు. విడతకు 4 సెకన్ల చొప్పున L విలువ 16. నిష్పత్తులు 0.24, 0.20, 0.17, 0.14, మొత్తం 0.75. కాబట్టి సైకిల్ 29ని 0.25తో భాగించగా 116 సెకన్లు, గుండుగుత్తగా 120. అందులో వృథా పోగా మిగిలిన 104 సెకన్లను అవే నిష్పత్తుల్లో పంచితే 33, 28, 24, 19 వస్తాయి. పాత సిగ్నల్ పెట్టినవారు లెక్క తెలిసినవారే.

మరి 200 ఎక్కడిది? రెండో రోడ్డు వెడల్పు 10.5 మీటర్లు. మీటరుకు గంటకు 525 కార్లకు సమానమైన వాహనాలు పోతాయని పుస్తకం చెబుతుంది కనుక, అది సుమారు 5,500 వదలగలదు, వచ్చేవి 1,100. వరుసల్లో నడిచే దేశపు లెక్క అది, కార్ల సందుల్లోంచి బైకులు దూరే చోట కాస్త అటూ ఇటూ అవుతుంది. సాయంత్రం ఆరు గంటలకు అక్కడ మిరపకాయ బజ్జీల బండి వస్తుంది. బండీ, దాని చుట్టూ ఆపిన బైకులూ కలిసి 3.5 మీటర్లు తీసుకుంటాయి. మిగిలిన 7 మీటర్లు 3,675 మాత్రమే వదలగలవు. ఒక్క వాహనమైనా అదనంగా రాకుండానే నిష్పత్తి 0.20 నుంచి 0.30కి ఎదిగింది, మొత్తం 0.85 అయింది, 29ని 0.15తో భాగిస్తే 193 సెకన్లు వచ్చాయి. బండి ఖరీదు 77 సెకన్లు. దాన్ని నాలుగు రోడ్ల మీద ఉన్నవారంతా చుట్టు చుట్టుకూ చెల్లిస్తారు, బజ్జీలు తిననివారితో సహా.

పేదవాడి బండినే నిందించడం అన్యాయం కనుక, మొదటి రోడ్డు మీద షోరూం ముందు నిలిచే కార్లకూ అదే గౌరవం ఇచ్చి చూశాను. అక్కడా 3.5 మీటర్లు పోతే 0.24 కాస్తా 0.36 అవుతుంది, Y 0.97కు చేరుతుంది, సైకిల్ 967 సెకన్లు, అంటే పదహారు నిమిషాలు దాటుతుంది. మూడో రోడ్డు మీద షేర్ ఆటోలను కూడా కలిపితే Y 1.055, సైకిల్ మైనస్ 527 సెకన్లు. సిగ్నల్ మొదలవడానికి దాదాపు తొమ్మిది నిమిషాల ముందే ముగియాలన్నమాట. ఇది సూత్రం చేసిన తప్పు కాదు. Y ఒకటి దాటితే ఏ సైకిలూ చాలదని, క్యూ ప్రతి చుట్టుకూ పెరుగుతూనే ఉంటుందని చెప్పడానికి దానికి తెలిసిన భాష అదే. పచ్చ పడినప్పుడు వరుస చివర ఉన్న బండిని గుర్తుపెట్టుకుని, అదే పచ్చలో అది కూడలి దాటుతుందేమో చూస్తే చాలు. నాలుగైదు చుట్లు వరుసగా దాటకపోతే ఆ సమయానికి ఆ రోడ్డుకు ఇచ్చిన పచ్చ చాలడం లేదు.

120ని 200 చేయడం వల్ల దక్కిన లాభం కూడా ఉంది. వృథా 16 సెకన్లే కనుక, పనికొచ్చే కాలం 87 శాతం నుంచి 92 శాతానికి పెరిగింది. ఐదు శాతం. బండి ఆ రోడ్డు శక్తిలో తీసుకున్నది మూడో వంతు. రెండిటిలో దేన్ని కదపాలో తేల్చడానికి సంఘం వేయవచ్చు గానీ, సిగ్నల్ పెట్టెలో అంకె మార్చడానికి ఎవరితోనూ తగవు పడనక్కరలేదు కదా!

నిన్న ఆ ఎరుపు దగ్గర ఇంజిన్ ఆపేసి కూర్చుంటే బజ్జీల కుర్రాడు కిటికీ దగ్గరకు వచ్చాడు. “సార్, ఇంకా నూట నలభై ఉంది, వేడివేడిగా తెస్తా” అన్నాడు. సిగ్నల్ పెంచాక బేరం బాగుందని, వచ్చే వారం ఎదురు రోడ్డు మీద వాళ్ల అన్న ఇంకో బండి పెడుతున్నాడని పొట్లం చేతికిస్తూ చెప్పాడు.