తలుపు మూసి తోస్తున్నవాళ్లకు ఆపరేషన్ ఎందుకు?

టాయిలెట్‌లో అరగంట ముక్కినా మలం రానివాళ్లకు ముందు మలాన్ని మెత్తబరిచే పౌడర్ రాస్తారు. తగ్గకపోతే డోసు పెంచుతారు. కొన్నేళ్లకు పురీషనాళం లోపల్లోపలే కిందికి మడతపడిందని స్కాన్‌లో తేలితే ఆపరేషన్ మాట వస్తుంది. ముక్కినప్పుడు కింద కండరం వదులవుతోందా, బిగుస్తోందా అని మాత్రం చాలాసార్లు ఎవరూ చూడరు. నా అభ్యంతరం అక్కడే.

పురీషనాళాన్ని వెనకనుంచి ఉచ్చులా పట్టి ఉంచే కండరం ప్యూబోరెక్టాలిస్. ముక్కగానే అది వదులై దారి నిటారు కావాలి. కొందరిలో సరిగ్గా అప్పుడే బిగుస్తుంది. పైనుంచి తోస్తూ కింద తలుపు మూస్తున్నారన్నమాట, అదీ తమకు తెలియకుండానే. దీన్ని డిస్‌సినర్జియా అంటారు. ఇలాంటివాళ్లకు మలం మెత్తబడినా బయటికి రాదు.

నలభై ఏళ్ల మహిళ ఒకామె స్కాన్‌లో ఇలాంటి మడతే కనిపించిందనుకుందాం. డాక్టర్ వేలితో పరీక్షిస్తూ "ముక్కండి" అంటే, వదులవ్వాల్సిన కండరం వేలిని నొక్కేసింది. 50 మిల్లీలీటర్ల నీళ్లు నింపిన బెలూన్‌ను మామూలుగా నిమిషంలోపు బయటికి నెట్టేస్తారు. ఆమె మూడు నిమిషాలైనా నెట్టలేకపోయింది. ప్రెజర్ కొలిచే మానోమెట్రీలో ముక్కిన ప్రతిసారీ మలద్వారం దగ్గరి ఒత్తిడిని చూపే గీత దిగాల్సింది పోయి పైకి లేచింది. ఇప్పుడు ఆ మడతను సరిచేస్తే సరిపోతుందా? ఆమె అలాగే ముక్కుతూ ఉంటుంది కదా!

ఆమెకు ముందు కావాల్సింది బయోఫీడ్‌బ్యాక్. సన్నని సెన్సార్‌ను లోపల ఉంచి, ఆ గీతను స్క్రీన్ మీద ఆమెకే చూపిస్తారు. ఊపిరి పొట్టలోకి తీసుకుని, పొట్టతో మెల్లగా తోస్తూ, కింద వదిలేయడం నేర్పుతారు. గీత దిగిన క్షణం ఆమె కంటికి కనిపిస్తుంది, ఒంటికి తెలుస్తుంది. తర్వాత బెలూన్‌తో సాధన. సాధారణంగా నాలుగు నుంచి ఆరు సిట్టింగులు, మధ్యలో ఇంటి దగ్గర ప్రాక్టీసు. 2006లో వచ్చిన ఒక పరిశోధనలో ఆరు నెలలకు బయోఫీడ్‌బ్యాక్ తీసుకున్నవాళ్లలో 80 శాతం మంది బాగా మెరుగుపడ్డారు. విరేచనపు మందు వాడినవాళ్లలో 22 శాతమే.

పురీషనాళం పూర్తిగా బయటికి జారితే ఏ శిక్షణా దాన్ని పైకి చేర్చలేదు, సర్జరీ కావాల్సిందే. నేర్పేవాళ్లు తక్కువన్నదీ నిజమే. కానీ సర్జరీ పేగును సరిచేస్తుంది, ముక్కే అలవాటును కాదు. ఆ ఒత్తిడి అలాగే ఉంటే కుట్టిన చోటు మీదే పడుతుంది.

అసలు మన వైద్యంలో మింగేదాన్నీ కోసేదాన్నీ చికిత్స అంటున్నాం, నేర్పేదాన్ని అనడం లేదు. మందుకు చీటీ ఉంది, ఆపరేషన్‌కు థియేటర్ ఉంది. ఒక మనిషి పక్కన గంట కూర్చుని "ఇప్పుడు వదలండి, మళ్లీ ఒకసారి" అని చెప్పేవాళ్లకు చాలా ఆస్పత్రుల్లో గదే లేదు.