రూమ్ ఊరికే ఇచ్చినా అది ప్రకటనే

పోయిన వేసవిలో అనంతపురం నుంచి మా పిన్నివాళ్లు దర్శనానికి వస్తూ, ఒక రీల్ చూసి తిరుపతి రైల్వేస్టేషన్ దగ్గర లాడ్జిలో రూమ్ బుక్ చేసుకున్నారు. రీల్‌లో తెల్లటి దుప్పట్లు, కిటికీలోంచి కొండ. తెల్లవారుజామున పిల్లలతో దిగితే వాళ్లకిచ్చిన గదికి కిటికీయే లేదు. కొండ కనిపించే గదులు పై అంతస్తులో రెండేనట.

ఆ రీల్ నేనూ చూశాను. నిమిషం నిడివి. వీడియోలో ఎక్కడా ప్రకటన అన్న మాట లేదు. కింద దర్శనం సమాచారం నాలుగు లైన్లు, ఇంకా నొక్కితే కుప్పగా హ్యాష్‌ట్యాగులు, వాటి నడుమ #collab. పేజీ నడిపే అబ్బాయిని అడిగితే, "డబ్బులేం తీసుకోలేదన్నా, రెండు రోజులు రూమ్ ఇచ్చారంతే" అన్నాడు. అతను మోసగాడని నేను అనుకోను. ఊరికే వచ్చినది లెక్కలోకి రాదని చాలామంది నిజంగానే నమ్ముతున్నారు.

కానీ వస్తుంది. ప్రకటనల ప్రమాణాల మండలి ఆస్కీ 2021లో తెచ్చిన నిబంధనల్లోనూ, కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ డబ్బుతో పాటు ఉచిత వస్తువులు, బస, ప్రయాణాలు కూడా చెప్పి తీరాల్సినవే. ఎక్కడ చెప్పాలన్నదీ ముఖ్యమే. ఆస్కీ లెక్కన 15 సెకన్ల నుంచి రెండు నిమిషాల లోపు వీడియోలో మూడో వంతు సేపు ఆ మాట తెర మీద ఉండాలి. అంటే ఈ రీల్‌లో 20 సెకన్లు. హ్యాష్‌ట్యాగుల గుంపులో కలిపేస్తే చెప్పినట్టు కాదు. రీల్ చూసేవాళ్లలో కింద రాత విప్పి చదివేది ఎందరు? మా పిన్ని చదవలేదు.

అఫిలియేట్ లింకుల సంగతి ఇంకొంచెం సున్నితం. అలిపిరి మెట్లెక్కేవాళ్లకు మోకాలి పట్టీ అంటూ లింకు పెడతారు. దాని ద్వారా కొంటే కమీషన్ వస్తుంది, కొనేవాళ్లకు ధర పెరగదు. అలాంటప్పుడు చెప్పడమెందుకని అడుగుతారు. ధరలో తేడా లేకపోవచ్చు, ఎంపికలో మాత్రం ఉంటుంది. మందుల షాపులో దొరికే పట్టీకి కమీషన్ లేదు కాబట్టి దాని పేరు పేజీలో కనబడదు. ఆ సంగతి తెలిస్తేనే చూసేవాళ్లు పక్క షాపులోనూ ఓసారి అడుగుతారు.

ఆ అబ్బాయి ఇప్పుడు కొత్త రీల్ చేస్తున్నాడు. "ప్రకటన అని రాస్తే వ్యూస్ పడిపోతాయేమో" అని అతని భయం. పడిపోవచ్చు కూడా, కాదనను. మొదటి సెకను నుంచే తెర మీద ఈ లైను పెట్టమన్నాను: "ప్రకటన. ఈ లాడ్జి నాకు రెండు రోజులు రూమ్ ఊరికే ఇచ్చింది. కొండ కనిపించే గదులు రెండే."